పల్లీలు వద్దని ముందే చెప్పాను కదా!

కూతురి నిశ్చితార్థానికి భోజనాల ఏర్పాట్లు చూసుకుంటూ ఒకాయన చాట్‌బాట్ సాయం తీసుకున్నాడనుకుందాం. మొదట్లోనే అన్నీ చెప్పేశాడు: 120 మంది వస్తారు, పూర్తిగా శాకాహారం, పెళ్ళికొడుకు చెల్లెలికి పల్లీలు పడవు. అక్కణ్ణుంచి సరుకుల లెక్క, వంటవాళ్ళ కూలి, షామియానా, వడ్డించే వరస అంటూ సంభాషణ సాగిపోయింది. గంట గడిచాక "మెనూ మొత్తం ఒకసారి రాసిపెట్టు" అన్నాడు. వచ్చిన జాబితాలో పులిహోరలో పల్లీలున్నాయి, ఇడ్లీకి పల్లీ చట్నీ ఉంది. "పల్లీలు వద్దని ముందే చెప్పాను కదా!" అంటే వెంటనే క్షమాపణ, ఆ వెనకే దిద్దిన మెనూ. ఇంతలో వాళ్ళబ్బాయి తన ఫోన్లో అచ్చం అదే ప్రశ్న అడిగితే, అతనికి వేరే మెనూ వచ్చింది.

దీనికి మతిమరుపు, నిలకడ లేదు అని ఈ రెండు ఫిర్యాదులూ తరచూ వింటుంటాం. అయితే ఇవి ఎవరో సరిచేయడం మర్చిపోయిన లోపాలు కావు. ఈ యంత్రం పనిచేసే తీరులోంచే రెండూ పుడుతున్నాయి.

మొదటిదాన్ని చూద్దాం. శిక్షణ పూర్తయ్యాక భాషా మోడల్ అంటే కదలని సంఖ్యల పెద్ద పట్టిక. మీరు చెప్పిన పల్లీల సంగతి ఆ పట్టికలో ఎక్కడా చేరదు. మరి ఇందాక అడిగినదానికి కొనసాగింపుగా ఎలా మాట్లాడుతోంది? మీరు ప్రతిసారీ బటన్ నొక్కినప్పుడు, ఆ యాప్ మీ కొత్త ప్రశ్నను ఒక్కదాన్నే పంపదు. మొదటి నుంచీ జరిగిన సంభాషణంతా, దానికి ముందు కంపెనీ రాసిపెట్టిన సూచనలతో సహా, కలిపి పంపుతుంది. ప్రతి వాయిదాకీ ఒక కొత్త గుమాస్తా వచ్చి, కేసు ఫైలు మొదటి కాగితం నుంచి చదివి, ఒక కాగితం రాసి చేర్చి వెళ్ళిపోయినట్టు. ఫైల్లో ఉన్నదే అతనికి తెలుసు. ఫైల్లోంచి జారిపోయిన కాగితం అతని మటుకు ఎప్పుడూ లేనట్టే.

ఆ ఫైలుకి ఒక గరిష్ఠ మందం ఉంది. దాన్నే కాంటెక్స్ట్ విండో అంటారు. దీన్ని పేజీల్లోనో పదాల్లోనో కొలవరు, టోకెన్లలో కొలుస్తారు. టోకెన్ అంటే మోడల్ ఒక ముక్కగా చదివే అక్షరాల గుంపు. అది పూర్తి పదం కావచ్చు, పదంలో తునక కావచ్చు. 2020లో వచ్చిన జీపీటీ-3 ఒకసారికి 2048 టోకెన్లు మాత్రమే చూడగలిగేది. 2024 ఫిబ్రవరిలో గూగుల్ తన జెమినీ 1.5ని ప్రకటించినప్పుడు ఆ సంఖ్య 10 లక్షలకు చేరింది. హద్దే లేకుండా చేయొచ్చు కదా అంటే, ఖర్చు అడ్డం వస్తుంది. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రతిపాదించిన ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణం ఈ మోడళ్ళన్నిటికీ పునాది. అందులో ప్రతి టోకెన్‌నీ దానికి ముందున్న టోకెన్లన్నిటితో పోల్చి చూస్తారు. ఫైలు రెట్టింపైతే పోలికలు దాదాపు నాలుగింతలవుతాయి.

తెలుగువాళ్ళకు ఇక్కడ మరో చిక్కుంది. ఈ మాట ఎక్కువమంది పట్టించుకోరు గానీ నా దృష్టిలో చిన్నదేమీ కాదు. కంప్యూటర్ లోపల ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, ఒత్తు కలిపే గుర్తుకీ తలా మూడు బైట్లు పడతాయి. 'స్త్రీ' అని రాస్తే లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు. టోకెన్లుగా కోసే పద్ధతిని ఎక్కువగా ఇంగ్లిష్ పాఠాల మీద తయారుచేస్తే, తరచుగా కనిపించే ఇంగ్లిష్ పదాలు నిండుగా ఒక్కో టోకెన్ అవుతాయి, తెలుగు పదాలు మాత్రం పొడిపొడిగా రాలిపోతాయి. 2024 మేలో ఓపెన్‌ఏఐ స్వయంగా ఒక పోలిక ప్రచురించింది. ఒక చిన్న పరిచయ వాక్యానికి పాత పద్ధతిలో ఇంగ్లిష్‌లో 27 టోకెన్లు పడితే, తెలుగులో 159 పట్టాయి. జీపీటీ-4ఓతో వచ్చిన కొత్త పద్ధతిలో తెలుగు 45కి దిగింది, ఇంగ్లిష్ 24కి. ఆరింతల తేడా రెండింతల లోపుకి వచ్చిందంటే మంచి మార్పే. సమానం మాత్రం కాలేదు.

మన భోజనాల లెక్కకి దీన్ని వర్తింపజేద్దాం. విండో 8000 టోకెన్లదనుకోండి. కంపెనీ సూచనలకు 1000, రాయబోయే జవాబుకి 1000 పోగా, సంభాషణకి మిగిలేది 6000. ఒక ప్రశ్న, దాని జవాబు కలిపి ఇంగ్లిష్‌లో 100 టోకెన్లయితే 60 విడతల దాకా మొదటి మాట భద్రం. అదే విషయం పాత పద్ధతిలో తెలుగులో మాట్లాడితే విడతకి 600. పది విడతలు పూర్తయ్యేసరికి చోటు నిండిపోతుంది. పదకొండో ప్రశ్న వేసిన క్షణాన మొట్టమొదటి మాట బయటికి పోవాలి. మరి మొట్టమొదటి మాట ఏమిటి? పల్లీలు పడవనే!

చోటు నిండినప్పుడు ఏం చేయాలో నిర్ణయించేది మోడల్ కాదు, దాని చుట్టూ కట్టిన యాప్. కొన్ని పాత మాటల్ని తీసేస్తాయి. కొన్ని వాటిని కుదించి సారాంశంగా ఉంచుతాయి. "120 మందికి శాకాహార భోజనం, నిశ్చితార్థం" అనే సారాంశం తప్పేమీ కాదు. కానీ ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క మనిషి గురించి చెప్పిన సంగతి అలాంటి కుదింపులోనే ముందుగా రాలిపోతుంది.

మరి 10 లక్షల టోకెన్ల మోడల్‌లో ఈ బాధ ఉండదా? ఉంటుంది, వేరే రూపంలో. ఫైల్లో కాగితం ఉండడం వేరు, దాని మీద చూపు పడడం వేరు. 2023లో అమెరికాలో కొందరు పరిశోధకులు చాలా పత్రాలు వరసగా పేర్చి, జవాబున్న పత్రాన్ని ఒక్కోసారి ఒక్కోచోట పెట్టి మోడళ్ళను పరీక్షించారు. జవాబు మొదట్లోనో చివర్లోనో ఉంటే బాగా పట్టుకున్నాయి. నడుమ ఉంటే తడబడ్డాయి. తర్వాత వచ్చిన మోడళ్ళు ఈ విషయంలో మెరుగయ్యాయి గానీ, పాఠం పొడవు పెరిగేకొద్దీ చిన్న వివరాలు మరుగున పడడం పూర్తిగా పోలేదు.

ఈ రెండిట్లో మీకు ఏది జరిగిందో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. తప్పు జరిగిందని చెప్పకుండా, "ఆహారం విషయంలో ఎవరికి ఏది పడదని చెప్పాను?" అని ఊరికే అడగండి. సరిగ్గా చెప్పిందంటే ఆ మాట విండోలోనే ఉంది, మెనూ రాసేటప్పుడు చూపు పడలేదంతే. చెప్పలేదంటే, లేదా మీరు అననిది ఏదో కల్పించి చెప్పిందంటే, ఆ మాట బయటికి పోయినట్టే లెక్క. "పల్లీలు వద్దన్నాను కదా" అని మీరే అందిస్తే ఈ పరీక్ష పనికిరాదు. మీరిప్పుడు అన్న మాటే ఫైల్లోకి కొత్తగా ఎక్కింది, దాన్ని చూసే క్షమాపణ చెబుతోంది. పొడుగాటి పనిలో ముఖ్యమైన షరతుల్ని చివరి ప్రశ్నతో పాటు మళ్ళీ రాయమని తెలిసినవాళ్ళు చెప్పేది ఇందుకే.

ఇక అబ్బాయి ఫోన్లో వచ్చిన వేరే మెనూ సంగతి. మోడల్ జవాబుని ఒక్కసారిగా తయారుచేయదు. ఒక్కో టోకెన్ చొప్పున రాస్తుంది. ప్రతి అడుగులోనూ తన దగ్గరున్న టోకెన్లన్నిటికీ, తర్వాత రావడానికి ఎవరికెంత అవకాశం ఉందో లెక్కగడుతుంది. సౌలభ్యం కోసం నిండు పదాలే తీసుకుందాం. "భోజనం చివర్లో వడ్డించేది..." అన్నచోట పెరుగుకి 60 శాతం, మజ్జిగకి 25, ఐస్‌క్రీంకి 10, పండ్లకి 5 వచ్చాయనుకోండి. ఇక్కడితో మోడల్ లెక్క అయిపోయింది. ఈ నాలుగింటిలో ఒకదాన్ని ఎంచుకోవడం విడి పని. అక్కడ కంప్యూటర్ ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసి, ఈ వాటాల ప్రకారం ఒక పదాన్ని ఎంచుతుంది. అంటే నూటికి ఐదుసార్లు పండ్లు కూడా రావచ్చు.

టెంపరేచర్ అనే అమరిక పనిచేసేది ఈ వాటాల మీదే. పేరు భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. వేడి పెరిగేకొద్దీ అణువులు ఎక్కువ శక్తి ఉన్న స్థితుల్లోకి కూడా వెళ్తుంటాయని చెప్పే బోల్ట్‌జ్‌మన్ సూత్రం ఇక్కడా అదే రూపంలో ఉంది. టెంపరేచర్ 1 అయితే వాటాలు ఉన్నవి ఉన్నట్టే. 0.5కి తగ్గిస్తే ప్రతి వాటానీ వర్గం చేసి, మొత్తం మళ్ళీ నూటికి సరిపెట్టినట్టు. అప్పుడు పెరుగు 83కి ఎగబాకుతుంది, మజ్జిగ 14కి పడిపోతుంది, మిగతా రెండూ కలిపి మూడు. 2కి పెంచితే వర్గమూలాలు తీసినట్టు: పెరుగు 43, మజ్జిగ 28, ఐస్‌క్రీం 17, పండ్లు 12. వరస మారదు. బలవంతుడికీ బలహీనుడికీ మధ్య దూరం మాత్రం పెరుగుతుంది లేదా తగ్గుతుంది.

అలాంటప్పుడు ఎప్పుడూ పెద్ద వాటా ఉన్న పదాన్నే తీస్తే పోలేదా? మొదట్లో అలాగే ప్రయత్నించారు. పొడుగు రచనల్లో మోడల్ ఒకే వాక్యాన్ని తిప్పి తిప్పి రాస్తూ చిక్కుకుపోయేది. అందుకే కొంత యాదృచ్ఛికతని కావాలనే ఉంచారు. ఇక్కడ ఒక అపోహ కూడా ఉంది: టెంపరేచర్ తగ్గిస్తే నిజం చెబుతుందని. వాటాలే తప్పైతే, తగ్గించినకొద్దీ అదే తప్పు మరింత నిలకడగా వస్తుంది.

ఒక్క పదం తేడా అంత పెద్ద తేడా ఎలా అయిందంటే, ఎంచుకున్న ప్రతి పదమూ ఆ క్షణమే విండోలోకి చేరుతుంది. తండ్రి ఫోన్లో మొదటి వంటకం పులిహోర పడింది, కొడుకు ఫోన్లో వెజ్ బిర్యానీ పడింది. ఆ తర్వాత రాసేదంతా దానికి తగ్గట్టే: ఒకచోట దద్దోజనం, అప్పడాలు, ఇంకోచోట రైతా, మిర్చీ కా సాలన్. రాసినదాన్ని వెనక్కి వెళ్ళి చెరపడం దానికి కుదరదు.

టెంపరేచర్‌ని సున్నా చేసినా తేడాలు వస్తాయని వాడినవాళ్ళు చాలాకాలంగా చెబుతున్నారు. దీని మీద 2025లో థింకింగ్ మెషీన్స్ ల్యాబ్ అనే అమెరికన్ సంస్థ ఒక ప్రయోగం చేసింది. టెంపరేచర్ సున్నాలో పెట్టి, భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ గురించి చెప్పమని ఒకే మోడల్‌ని వెయ్యిసార్లు అడిగారు. 80 రకాల జవాబులొచ్చాయి. మొదటి 102 టోకెన్లు అన్నిటిలోనూ ఒకటే. 103వ దగ్గర, ఫైన్‌మన్ పుట్టిన ఊరు రాయాల్సినచోట, 992 జవాబులు 'క్వీన్స్' అన్నాయి, ఎనిమిది 'న్యూయార్క్ సిటీ' అన్నాయి. రెండూ నిజమే, క్వీన్స్ ఉన్నది న్యూయార్క్ సిటీలోనే. కారణం ఏమిటంటే, కంప్యూటర్ దశాంశ సంఖ్యల్ని కొన్ని అంకెల వరకే ఉంచుకుంటుంది కాబట్టి, కూడిక వరస మారితే మొత్తంలో చివరి అంకె మారుతుంది. సర్వర్ ఒకేసారి ఎందరి ప్రశ్నల్ని కట్టగా కట్టి లెక్కిస్తోందన్నదాన్ని బట్టి ఆ వరస మారుతుంది. నువ్వా నేనా అన్నట్టున్న రెండు పదాల దగ్గర ఆ చివరి అంకే తీర్పు చెబుతుంది. మీతో పాటు అదే క్షణంలో ఇంకెందరు అడుగుతున్నారన్నది మీ జవాబుని మార్చిందన్నమాట. కట్ట ఎంత పెద్దదైనా కూడిక వరస మారకుండా ఆ సంస్థవాళ్ళు లెక్కల్ని తిరగరాశాక వెయ్యి జవాబులూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే వచ్చాయి. కాకపోతే వేగం తగ్గింది.