ఏడు వందల పరమాణువులు కూడితేనే గడ్డకట్టే రాగి

రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అలా కరిగిన రాగిని చల్లారిస్తే మళ్లీ 1085 దగ్గరే గడ్డకడుతుందని అనుకుంటాం. కానీ మూస గోడ, దుమ్ము నలుసు, ఆక్సైడు ముక్క వంటి ఆసరా ఏదీ దొరకకపోతే, శుద్ధమైన రాగి 850 డిగ్రీల దరిదాపుల దాకా ద్రవంగానే ఉండిపోగలదు. ద్రవీభవన స్థానం కంటే ఇలా కిందికి దిగిన తేడానే అతిశీతలీకరణం, లేదా అండర్‌కూలింగ్, అంటారు. రాగి విషయంలో ప్రసిద్ధమైన అంకె 236 డిగ్రీలు.

లోహం ఇంతసేపు ఎందుకు ఆగుతుంది? గడ్డకట్టడం ద్రవమంతటా ఒకేసారి జరగదు. ఎక్కడో ఒకచోట కొన్ని పరమాణువులు వరుసగా కూడి చిన్న స్ఫటిక బీజం కావాలి. ఆ బీజానికి ఒక జమాఖర్చు ఉంటుంది. 1085 కంటే కింద ఘనరూపానికి శక్తి తక్కువ కాబట్టి, గడ్డకట్టిన ప్రతి పరమాణువూ జమ కిందికి వస్తుంది. కానీ బీజానికీ ద్రవానికీ మధ్య కొత్త ఉపరితలం ఏర్పడుతుంది, దాన్ని నిలబెట్టడానికి శక్తి ఖర్చవుతుంది. జమ ఘనపరిమాణాన్ని బట్టి, అంటే వ్యాసార్థం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఖర్చు వైశాల్యాన్ని బట్టి, అంటే వ్యాసార్థం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే బీజం చిన్నగా ఉన్నంతసేపూ ఖర్చుదే పైచేయి. అలాంటి బీజాలు ద్రవంలో క్షణక్షణమూ పుడుతూనే ఉంటాయి, పుట్టినవి పుట్టినట్టే కరిగిపోతుంటాయి.

నష్టం శిఖరానికి చేరే పరిమాణాన్నే సందిగ్ధ వ్యాసార్థం అంటారు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ వ్యాసార్థం దగ్గర లెక్క లాభంలోకి రాదు, ఇంకా నష్టంలోనే ఉంటుంది. అయితే అక్కడి నుంచి చేరే ప్రతి పరమాణువూ ఆ నష్టాన్ని తగ్గిస్తుంది, కాబట్టి బీజం ఇక పెరగడానికే మొగ్గుతుంది. నిజమైన లాభం మొదలయ్యేది దానికి ఒకటిన్నర రెట్లు పెరిగాక.

ఈ లెక్క నుంచి వచ్చే సూత్రం చిన్నదే:

r* = 2γTm / (ΔHf · ΔT)

ఇందులో γ ఉపరితల శక్తి, Tm కెల్విన్లలో ద్రవీభవన స్థానం, ΔHf ఒక ఘనమీటరు లోహం గడ్డకట్టేటప్పుడు వదిలే గుప్తోష్ణం, ΔT అతిశీతలీకరణం. రాగికి γ చదరపు మీటరుకు 0.177 జౌళ్లు, Tm 1358 కెల్విన్లు, గుప్తోష్ణం ఘనమీటరుకు సుమారు 163 కోట్ల జౌళ్లు. ΔT దగ్గర 236 వేస్తే r* సుమారు 1.25 నానోమీటర్లు వస్తుంది. అంత గోళంలో దాదాపు 700 రాగి పరమాణువులు పడతాయి.

ఇప్పుడు ΔTని 10 డిగ్రీలకు తగ్గించి చూడండి. వ్యాసార్థం 30 నానోమీటర్ల దాకా పెరుగుతుంది, కావలసిన పరమాణువులు సుమారు 90 లక్షలు. తొంభై లక్షల పరమాణువులు యాదృచ్ఛికంగా ఒకచోట స్ఫటిక క్రమంలో కూడటం జరిగే పని కాదు. ఏడు వందలైతే జరగవచ్చు. లోహం అంత కిందికి దిగేదాకా ఆగడానికి కారణం ఇదే.

దీన్ని ప్రయోగంలో చూడాలంటే నలుసులను తప్పించాలి. ఎంత శుద్ధి చేసినా అవి పూర్తిగా పోవు. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో డేవిడ్ టర్న్‌బుల్, సెక్ 1950లో ప్రచురించిన పనిలో లోహాన్ని సూక్ష్మమైన చుక్కలుగా తీసుకుని మైక్రోస్కోపు కింద గమనించారు. ఈ ఉపాయం నాకెంతో నచ్చుతుంది. ఒక ఘన సెంటీమీటరు రాగిలో పది లక్షల నలుసులు ఉన్నాయనుకుందాం. దాన్ని 50 మైక్రాన్ల చుక్కలుగా విడగొడితే కోటిన్నర చుక్కలవుతాయి. పదిహేను చుక్కల్లో సుమారు పద్నాలుగింటికి నలుసే ఉండదు. నలుసున్న చుక్క ముందే గడ్డకడుతుంది, మిగిలినవి కిందికి దిగుతూ పోతాయి. చుక్కలు ఒక్కోటి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర గడ్డకడుతుంటే, ఆసరా ఇంకా ఎక్కడో మిగిలి ఉందని అనుమానించాలి.

గడ్డకట్టే క్షణం కంటికే తెలుస్తుంది. 850 దగ్గర మసక ఎరుపులో ఉన్న చుక్క ఒక్కసారిగా మెరుస్తుంది. విడుదలైన గుప్తోష్ణం దాన్ని తిరిగి 1085 వైపు ఎగదోస్తుంది. ఆ వేడికే చుక్కంతా ఒక్కసారిగా గట్టిపడలేదు. సగానికి కాస్త పైగా గట్టిపడుతుంది, మిగిలింది వేడి బయటికి పోయేకొద్దీ నెమ్మదిగా గడ్డకడుతుంది.

పోతపోసే కార్ఖానాలో ఇవేవీ కనిపించవు. మూస గోడలూ నలుసులూ బీజానికి ఆసరా ఇస్తాయి కాబట్టి, కొద్ది డిగ్రీల అతిశీతలీకరణంతోనే లోహం గడ్డకడుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. 0.177 అనే ఉపరితల శక్తి విలువను విడిగా కొలిచి తేలేదు, ఇలాంటి చుక్కల అతిశీతలీకరణం నుంచే వెనక్కి లెక్కగట్టారు. తర్వాతి ప్రయోగాల్లో రాగిని 236 డిగ్రీల కంటే ఎక్కువగానే అతిశీతలం చేయగలిగారు. పైగా ఏడు వందల పరమాణువుల గుంపుకు నునుపైన గోళాకార ఉపరితలం ఉందనుకోవడం కూడా ఒక సర్దుబాటే. అందుచేత బీజం పరిమాణం నానోమీటరు స్థాయిలో ఉంటుందన్న మాటను నమ్మవచ్చు కానీ, 1.25లోని దశాంశాలను నమ్మకూడదు.