ఎడమ నుంచి మూడోది

మోచేయి ముందువైపు ఒక చిన్న గుంట ఉంటుంది. బీపీ చూసేటప్పుడు స్టెతస్కోప్ ఆనించేది అక్కడే. ఎంబీబీఎస్ మొదటి ఏడాది పాఠంలో దాని పేరు క్యూబిటల్ ఫోసా. బయటివైపు నుంచి శరీరం వైపుకు వరసగా రేడియల్ నెర్వ్, బైసెప్స్ టెండన్, బ్రేకియల్ ఆర్టరీ, మీడియన్ నెర్వ్ ఉంటాయి. నాలుగు పేర్లూ కంఠతా పట్టడం తేలికే. బొమ్మలో ఒకదాని మీద వేలు పెట్టి అడిగితే మాత్రం నోరు పెగలదు.

అందుకే లెక్చర్ స్లైడ్‌లోని పేర్లను కప్పేసి, కార్డులుగా మార్చుకుంటున్నారు విద్యార్థులు. ఆంకీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2023లో వచ్చిన 23.10 వెర్షన్ నుంచి ఈ ఏర్పాటు లోపలే ఉంది. Image Occlusion అనే నోట్ రకం ఎంచుకుని, స్లైడ్ బొమ్మను తెచ్చి, ఒక్కో పేరు మీద ఒక్కో పెట్టె గీస్తే చాలు. నాలుగు పెట్టెలు గీస్తే నాలుగు కార్డులు తయారవుతాయి. స్లైడ్‌లో పద్నాలుగు పేర్లుంటే మొత్తం పెట్టకుండా, కావలసిన ముక్కను ముందే కత్తిరించుకోవడం మేలు.

ఇక్కడ రెండు పద్ధతులు కనిపిస్తాయి. Hide One, Guess One ఎంచుకుంటే అడిగిన పేరొక్కటే కప్పి ఉంటుంది, మిగిలిన మూడూ కనిపిస్తూనే ఉంటాయి. ఏది లేదో చూసి చెప్పేయొచ్చు, అనాటమీ రానక్కర్లేదు! మోచేయి లాంటి చోట Hide All, Guess One సరైనది. పెట్టెలన్నీ ఒకే కొలతలో గీయాలి. పేరు పొడవును బట్టి గీస్తే, పొట్టి పెట్టె, పొడుగు పెట్టె చూసే జవాబు దొరికిపోతుంది.

అసలు మోసం ఇంకోటి ఉంది. స్లైడ్‌లోది కుడి చేయి అనుకుందాం. వారం తిరిగేసరికి కళ్లు గీత చివరను చూడటం మానేస్తాయి; 'ఎడమ నుంచి మూడోది ఆర్టరీ' అని నోరు చెప్పేస్తుంది. డిసెక్షన్ టేబుల్ మీద ఎడమ చేయి ఎదురైతే ఎడమ నుంచి మూడోది టెండన్. పైగా ఆర్టరీ ఎర్రగా, నెర్వ్ పసుప్పచ్చగా ఉండేది బొమ్మల్లోనే. ఫార్మలిన్‌లో నానిన దేహంలో అన్నీ ఇంచుమించు ఒకే మట్టిరంగు.

బొమ్మ రాకముందే జవాబు వచ్చేస్తోందంటే కార్డు పాడైనట్టే. అప్పుడు అదే బొమ్మను అద్దంలోలా తిప్పి, రంగులు తీసేసి, రెండో నోట్ చేసుకోవాలి. పేర్లు తిరగబడతాయి కానీ పెట్టెల కిందే కదా ఉండేది. కార్డు వెనక Back Extra గడిలో ఒక్క మాట రాసుకుంటే సరిపోతుంది: 'మోచేయి కొంచెం మడిచి గట్టిగా తాడులా తగిలే టెండన్ పట్టుకో, దాని లోపలి పక్కన కొట్టుకునేదే బ్రేకియల్ ఆర్టరీ.'