ప్రాజెక్టు టాపిక్ సరే, పరికల్పన ఏది?

బీఎస్సీ చివరి ఏడాదిలో ప్రాజెక్టు అనగానే విద్యార్థులు ముందుగా రాసిచ్చేది ఒక శీర్షిక. ‘నేలలో ఉప్పు – పంటలపై ప్రభావం’ అలాంటిదే. డెల్టా చివరి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు బోరు నీళ్లు ఉప్పెక్కడం, చేలో చవుడు తేలడం కొత్త సంగతులు కావు. విషయం మంచిదే. కానీ ఆ శీర్షిక మీద ప్రయోగం చెయ్యలేం. ఏ పంట? ఏ ఉప్పు, ఎంత? పంటలో ఏది మారితే ప్రభావం అనాలి? ఎప్పుడు చూడాలి? ఈ నాలుగింటికీ జవాబు దొరికితేగానీ అది పరీక్షకు నిలిచే వాక్యం కాదు. ఆ వాక్యాన్నే హైపోథిసిస్ అంటాం, తెలుగు పాఠ్యపుస్తకాల్లో పరికల్పన.

చేతిలో ఉన్న కొద్ది వారాలు, కాలేజీ ల్యాబ్‌లో ఉన్న సామాను చూసుకుని ఒక్కో ప్రశ్ననూ తేల్చుకుందాం. పంట పెసర. చవకగా దొరుకుతుంది, రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతుంది. ఉప్పు సోడియం క్లోరైడ్. మోతాదు 100 మిల్లీమోలార్, అంటే లీటరుకు 5.84 గ్రాములు. తూచిన ఉప్పును కొంచెం స్వేదన జలంలో కరిగించి, ఆ తర్వాత లీటరు గీత దాకా నింపాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి కాబట్టి ఇది దానితో పోలిస్తే చాలా పలచన.

ఇక ‘మొలకెత్తింది’ అంటే ఏమిటి? పొట్టు పగిలితే చాలా, మొలక బయటికి రావాలా? లెక్కపెట్టే ఇద్దరు విద్యార్థులు చెరోలా అనుకుంటే ఫలితం ఉప్పు వల్ల మారిందో మనిషి వల్ల మారిందో తెలియదు. అందుకని లేత వేరు రెండు మిల్లీమీటర్లు బయటికొస్తేనే మొలకెత్తినట్టు అని ముందే నోటుబుక్కులో రాసుకోవాలి. చూడాల్సిన సమయం 72 గంటలు. ఇప్పుడు వాక్యం తయారైంది: ‘100 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచిన పెసర గింజలు, స్వేదన జలంలో ఉంచిన వాటికంటే 72 గంటల్లో తక్కువగా మొలకెత్తుతాయి.’ ఇది తప్పయ్యే అవకాశం ఉంది. ఏం కనిపిస్తే తప్పయినట్టో కూడా ముందే చెప్పగలం.

దీని పక్కనే శూన్య పరికల్పన, అంటే నల్ హైపోథిసిస్ రాయాలి. చాలామంది ఇక్కడే పొరబడి, ‘ఉప్పు వల్ల మొలకలు పెరుగుతాయి’ అని తిరగేసి రాస్తారు. శూన్య పరికల్పన చెప్పేది అది కాదు: ‘ఈ మోతాదు ఉప్పుకు మొలకల సంఖ్య మీద ప్రభావం లేదు, కనిపించే తేడా యాదృచ్ఛికం.’ మనం నమ్మని మాటను కాగితం మీద పెట్టడం ఎందుకంటే, లెక్క కట్టడానికి వీలిచ్చేది అదే. ఉప్పు ప్రభావం ఉంటుందంటే ఎంత ఉంటుందో తెలియదు, కాబట్టి లెక్క ముందుకు సాగదు. ప్రభావం సున్నా అనుకుంటే ఫలితాలు ఎలా వస్తాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ లెక్కను రోనాల్డ్ ఫిషర్ 1935లో వచ్చిన ‘ద డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’లో టీ కప్పులతో చూపించాడు. కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో తాగి చెప్పగలనని ఒకావిడ అంటుంది. ఎనిమిది కప్పులు, నాలుగు అలా, నాలుగు ఇలా. ఎనిమిదింట్లో నాలుగింటిని 70 రకాలుగా ఎంచొచ్చు. ఆవిడకు ఆ నేర్పేమీ లేదనుకుంటే, నాలుగూ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి.

మన ప్రయోగానికీ ఇదే లెక్క సరిపోతుంది. ఎనిమిది పెట్రీ డిష్‌లలో వడపోత కాగితం పరిచి, ఒకే సంచిలోని గింజలు 25 చొప్పున పెడదాం. ఏ నాలుగింటికి ఉప్పు నీళ్లో చీటీలు వేసి తేల్చాలి. కిటికీ పక్కనున్నవన్నీ ఉప్పు డిష్‌లే అయితే ఎండ ప్రభావాన్ని ఉప్పు ఖాతాలో వేసేస్తాం. మూతలు గట్టిగా ఉంచాలి, లేకపోతే నీరు ఆవిరై ద్రావణం చిక్కబడుతుంది.

ఉదాహరణకు, స్వేదన జలం డిష్‌లలో 24, 22, 23, 19 మొలకలు, ఉప్పు డిష్‌లలో 20, 17, 21, 18 వచ్చాయనుకుందాం. సగటులు 22, 19. ‘ఉప్పు మొలకలను తగ్గించింది’ అని రాసెయ్యాలనిపిస్తుంది. కాస్త ఆగి, శూన్య పరికల్పనే నిజమనుకుందాం. అప్పుడు ప్రతి డిష్‌లో మొలకలు ఎలాగూ అన్నే వచ్చేవి, ఉప్పు చీటీ ఏ నాలుగింటికి పడిందన్నదే తేడా. ఉప్పు డిష్‌ల మొత్తం 76. 70 రకాల్లో 76 గానీ అంతకు తక్కువ గానీ వచ్చేవి ఎన్ని? 17, 18, 19, 20 కలిపితే 74. ఇరవై బదులు 21 అయితే 75, 22 అయితే 76. 17, 18, 20, 21 కలిపినా 76. మొత్తం నాలుగు. 70లో 4 అంటే సుమారు 0.057. దీన్నే పి విలువ అంటారు. వాడుకలో ఉన్న గీత 0.05. దాన్ని ముందే ఒప్పుకుని ఉంటే, మన ఫలితం కొద్దిలో ఆగిపోయింది. శూన్య పరికల్పనను తోసిపుచ్చలేం.

తోసిపుచ్చలేకపోయామంటే అది రుజువైందని కాదు. ‘పెసర మొలకల మీద ఉప్పు ప్రభావం లేదు’ అని రిపోర్టులో రాస్తే తప్పు. రాయాల్సింది, ‘ఈ ఎనిమిది డిష్‌లతో ప్రభావం ఉందని తేల్చలేకపోయాం’ అని. అదే ఉప్పు డిష్‌లలో 17, 18, 19, 20 వచ్చి ఉంటే పి విలువ 70లో 1, అంటే 0.014 అయ్యేది.

డిష్‌ల సంఖ్య ఎందుకంత ముఖ్యమో కూడా ఈ లెక్కే చెబుతుంది. వైపుకు మూడే డిష్‌లు పెడితే ఉన్న రకాలు 20. అన్నీ అనుకున్నట్టే వచ్చినా పి విలువ 0.05 దగ్గరే ఆగుతుంది. వైపుకు ఒకే డిష్‌లో నూరేసి గింజలు పోస్తే ఉన్నవి రెండే రకాలు, అవకాశం సగం. ఒక డిష్‌కు బూజు పట్టిందంటే అందులోని నూరు గింజలూ కలిసే పాడవుతాయి. కాబట్టి నూరు గింజలు నూరు సాక్ష్యాలు కావు, ఉప్పు చీటీ పడేది డిష్‌కు గనక లెక్కకొచ్చేదీ డిష్షే. అదే వైపుకు ఐదు పెడితే 252 రకాలు వస్తాయి, చిన్న తేడాలు బయటపడే అవకాశమూ పెరుగుతుంది.

లెక్క ముగిశాక ఇంకో చిక్కు వస్తుంది. 72 గంటలకు వెనకబడ్డ ఉప్పు డిష్‌లలో ఐదో రోజున మొలకలు సమానమయ్యాయనుకోండి. ‘ఉప్పు మొలకెత్తడాన్ని ఆపదు, ఆలస్యం చేస్తుంది’ అనే ఆలోచన పుడుతుంది. మంచి పరికల్పనే. కానీ దాన్ని పుట్టించిన అంకెలతోనే దాన్ని పరీక్షించి, మొదటి నుంచీ అదే అనుకున్నట్టు రిపోర్టు దిద్దకూడదు. కొత్త గింజలు, కొత్త చీటీలు, ముందుగా తేదీ వేసి రాసిన కొత్త వాక్యం కావాలి. టైమ్ లేకపోతే దాన్ని ‘తర్వాత చెయ్యాల్సింది’ అన్న శీర్షిక కింద రాసి, వచ్చే ఏడాది బ్యాచ్‌కు వదిలెయ్యడమే సరైన పని.