మీటింగులో మాట జారకముందు...

నలుగురిలో కూర్చున్నప్పుడు వచ్చే కోపానికీ, ఇంట్లో వచ్చే కోపానికీ తేడా ఉంది. ఇంట్లో తొందరపడి అన్న మాటను సాయంత్రానికి సర్దుకోవచ్చు. మీటింగులో అన్న మాటకు సాక్షులుంటారు. ఒక్కోసారి అది మినిట్స్ పుస్తకంలోకి కూడా ఎక్కుతుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు. అందుకే "కాస్త ఆగి మాట్లాడండి" అని అందరూ సలహా ఇస్తారు. ఎలా ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఆగినా ఫలితం లేకపోతే ఏం చెయ్యాలో చెప్పేవారు మాత్రం తక్కువ.

ఒంట్లో జరిగేదేమిటి?

ఎవరైనా మనల్ని నలుగురి ముందు నిందించగానే, మెదడు దాన్ని మీద పడబోతున్న ప్రమాదం లాగే తీసుకుంటుంది. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగం, రక్తపు పోటు పెరుగుతాయి. నోరు ఎండుతుంది. చేతులు సన్నగా వణుకుతాయి. కలబడడానికో, పారిపోవడానికో శరీరం చేసుకునే సన్నాహమిది. వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1915లోనే తన పుస్తకంలో దీన్ని వివరంగా వర్ణించాడు.

చిక్కేమిటంటే, మీటింగులో కలబడడానికీ లేదు, పరుగెత్తడానికీ లేదు. కుర్చీలో కూర్చుని లెక్కలు చెప్పాలి. సరిగ్గా ఆ సమయానికే నిదానంగా ఆలోచించే శక్తి మందగిస్తుంది.

ఈ స్థితి వచ్చిందని ఎలా తెలుస్తుంది? చెవులు వేడెక్కడం, దవడ బిగుసుకోవడం, గొంతు హెచ్చడం మామూలు గుర్తులు. వీటన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇంకొకటుంది. ఎదుటివారికి ఇవ్వాల్సిన జవాబు మీ నాలిక చివర సిద్ధంగా ఉంటుంది గానీ, వారన్న చివరి వాక్యమేమిటని అడిగితే చెప్పలేరు. అలా అనిపించిన క్షణంలో నోరు విప్పకూడదు.

మూడు పనులు, అర నిమిషం

మొదటిది, గాలి వదలడం. "గట్టిగా ఊపిరి పీల్చుకోండి" అని చాలామంది చెబుతారు. నిజానికి ఉపయోగపడేది పీల్చడం కంటే వదలడం. మనం ఊపిరి వదిలేటప్పుడు వేగస్ అనే నాడి ప్రభావం వల్ల గుండె వేగం కొంచెం తగ్గుతుంది. అందుచేత ముందు లోపలున్న గాలిని మెల్లగా వదలండి. తరువాత 4 అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. అంటే ఒక్కో శ్వాసకు సుమారు 10 సెకండ్లు. ఇలా రెండుసార్లు చేస్తే చాలు, పక్కవారికి కూడా తెలియదు. పెద్ద పెద్ద శ్వాసలు గబగబా తీస్తే మాత్రం రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అలా అయితే లెక్క మానేసి మామూలుగా ఊపిరి తీసుకోండి. ఆయాసం ఉన్నవారు ఊపిరి బిగబట్టే ప్రయత్నం చెయ్యకూడదు.

రెండవది, లోపలున్నదానికి పేరు పెట్టడం. మనసులోనే "నాకు అవమానంగా ఉంది" అనో, "నాకు భయం వేస్తోంది" అనో అనుకోవాలి. "వాడు దుర్మార్గుడు" అనుకోవడం ఇందులోకి రాదు. అది ఎదుటివారి మీద తీర్పే గాని మన స్థితి కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ లీబర్మన్, అతని సహచరులు 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాల ఫోటోలు చూస్తున్నవారు ఆ భావానికి తగిన మాటను ఎంచుకున్నప్పుడు, మెదడులో ఉద్వేగాలతో సంబంధమున్న అమిగ్డలా అనే భాగం చురుకుదనం తగ్గినట్టు తేలింది. పేరు పెట్టడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. బాధపెట్టింది అవమానమా, నష్టమా అన్నది తెలిస్తే దేనికి జవాబు చెప్పాలో తెలుస్తుంది.

మూడవది, ముందుగానే సిద్ధం చేసి ఉంచుకున్న ఒక వాక్యం. నలుగురిలో ఉత్త మౌనం ప్రమాదకరం. "చూశారా, సమాధానం లేదు" అంటారు. కాబట్టి "ఒక్క నిమిషం, మీ మాట రాసుకుని చెబుతాను" అనండి. అని, నిజంగానే వారన్న మాటను కాగితం మీద రాయండి. రాసేందుకు పట్టే సమయమే మీకు దొరికిన విరామం. పైగా, రాసేటప్పుడు వారన్నదేదో, మీరు ఊహించుకున్నదేదో విడివడుతుంది.

ఒక ఉదాహరణ

24 ఇళ్లున్న ఒక అపార్టుమెంటు అనుకుందాం. బోరు మోటారు కాలిపోయింది. ట్రెజరరుగా ఉన్న రిటైర్డు మాష్టారు గత నెల మీటింగులో 30,000 రూపాయలవుతుందని చెప్పారు. చివరకు 46,500 అయింది. మూడో అంతస్తు కుర్రవాడు లేచి, "మాష్టారూ, మిగతా 16,500 ఎవరి జేబులోకి వెళ్లాయండీ?" అన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు.

మామూలుగా జరిగేదేమిటో మనకు తెలుసు. "మూడు నెలలుగా మెయింటెనెన్స్ కట్టనివాడివి, నువ్వా నన్ను అడిగేది?" అని మాష్టారు లేస్తారు. కుర్రవాడి భార్య అందుకుంటుంది. అరగంట గడిచాక మోటారు సంగతి ఎవరికీ గుర్తుండదు. రసీదులు ఆయన సంచీలోనే ఉండిపోతాయి. "లెక్క అడిగితే కోప్పడ్డాడు" అన్న మాట మాత్రం మిగిలిపోతుంది.

ఇప్పుడు అదే సంఘటన మరో విధంగా చూడండి. మాష్టారు లేవలేదు. గాలి వదిలారు, రెండు శ్వాసలు తీశారు. "నాకు అవమానంగా ఉంది" అని లోపల అనుకున్నారు. "ఒక్క నిమిషం బాబూ, రాసుకోనీ" అని నోటు పుస్తకంలో '16,500 - ఎవరి జేబు?' అని రాశారు. రాసేసరికి ఆ ప్రశ్నలో రెండు సంగతులున్నాయని ఆయనకు కనిపించింది.

"ఖర్చు ఎందుకు పెరిగిందన్నది ఒకటి, నేను తిన్నానా అన్నది రెండోది. మొదటిదానికి రసీదులున్నాయి. మోటారు 31,000, కొత్త పైపులు 9,500, పైకి లాగి దింపిన కూలి 6,000. అప్పుడు నేను చెప్పిన 30,000 ఒక్క మోటారు మాటే. పైపులు తుప్పుపట్టిన సంగతి లాగాక గాని తెలియలేదు. ఇక రెండో మాట నాకు బాధ కలిగించింది. రసీదులు చూసి, ఆ మాట ఉంచుతావో, వెనక్కి తీసుకుంటావో నువ్వే చెప్పు" అన్నారు.

ఇందులో ఆయన కోపాన్ని దాచుకోలేదని గమనించండి. బాధ కలిగిందని నలుగురిలోనూ చెప్పారు. కాకపోతే లెక్క ముందు, బాధ తరువాత చెప్పారు.

ఆగడం వేరు, మింగడం వేరు

చాలామంది పొరబడేది ఇక్కడే. పైకి నవ్వు ముఖం పెట్టి లోపల ఉడికిపోవడం నిగ్రహం కాదు. అమెరికాలో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1990ల్లో దీన్ని పరీక్షించారు. మనసును కలచివేసే సినిమా దృశ్యాలు చూస్తూ, ముఖంలో ఏ భావమూ కనిపించకుండా బిగబట్టినవారిలో ఆ భావం తగ్గలేదు. పైగా, రక్తనాళాల మీద ఒత్తిడి గుర్తులు పెరిగాయి. తరువాత జరిగిన ప్రయోగాల్లో, అలా బిగబట్టినవారికి తాము చూసిన విషయాల వివరాలు తక్కువగా గుర్తున్నాయి. మీటింగులో ఇది రెట్టింపు నష్టం. కోపమూ పోదు, జరిగిన చర్చా గుర్తుండదు.

ఇంటికి వచ్చి దిండును గుద్దితే కోపం పోతుందన్న నమ్మకం కూడా నిలవలేదు. 2024లో 154 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, శరీరాన్ని శాంతపరిచే పనులే కోపాన్ని తగ్గించాయనీ, రెచ్చగొట్టే పనులు తగ్గించలేదనీ తేలింది.

ఇవి పనిచెయ్యని వేళలు

అర నిమిషం విరామం మొదటి మాటను మాత్రమే ఆపగలదు. అడ్రినలిన్ కొద్ది నిమిషాల్లోనే రక్తం నుంచి తొలగిపోతుంది గానీ, ఎదుటివారు మరో మాట అన్నా, మనమే ఆ మాటను నెమరువేసుకున్నా మళ్లీ వస్తుంది. అందుకే పూర్తిగా చల్లబడడానికి 20 నిమిషాలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. రెండు శ్వాసల తరువాత కూడా ఎదుటివారి మాట చెవికెక్కకపోతే, ఆ కుర్చీలో ఇంకా ప్రయత్నించడం వృథా. "టీ తాగి వచ్చి మాట్లాడుకుందాం" అని అధ్యక్షుణ్ణి కోరండి. బయటికి వెళ్లాక మీ పక్షంవారితో అదే విషయం తిరగదోడకండి. తిరగదోడితే ఆ 20 నిమిషాలూ మళ్లీ మొదటికొస్తాయి.

రెండో పరిమితి, అభ్యాసం లేని విద్య అవసరానికి అక్కరకు రాదు. న్యూయార్కు విశ్వవిద్యాలయంలో 2013లో జరిగిన పరిశోధనలో కొందరికి భయాన్ని ఆలోచనతో తగ్గించుకునే పద్ధతి నేర్పారు. మరుసటి రోజు మామూలుగా ఉన్నవారు దాన్ని వాడుకోగలిగారు. మంచునీళ్లలో చెయ్యి పెట్టించి ఒత్తిడికి గురిచేసినవారు వాడుకోలేకపోయారు. కాబట్టి శ్వాస లెక్కను బస్సు కోసం నిలబడినప్పుడూ, బ్యాంకు క్యూలోనూ అలవాటు చేసుకోండి. మీ వాక్యాన్ని ముందురోజే పైకి అని చూసుకోండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ప్రతి మీటింగులోనూ ఒకే పై అధికారి ఒకే ఉద్యోగిని తూలనాడుతుంటే, ఆ రోగానికి మందు ఉద్యోగి ఊపిరిలో లేదు. అక్కడ శ్వాస వల్ల దొరికేది కాస్త స్పష్టత మాత్రమే. దానితో తేదీ, అన్న మాట, విన్నవారి పేర్లు రాసిపెట్టుకుని, ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి. అన్యాయం మీద వచ్చిన కోపాన్ని చల్లార్చి ఊరుకుంటే అన్యాయం అలాగే ఉంటుంది.

డాక్టరును చూడవలసినప్పుడు

తగాదా కాగానే చూసుకున్న బి.పి. అంకెను బట్టి జబ్బు నిర్ణయించకూడదు. కనీసం 5 నిమిషాలు మౌనంగా కూర్చుని మళ్లీ చూడాలి. అప్పుడూ ఎక్కువగా ఉంటే మరో రోజు చూపించుకోవాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, మాట తడబడడం, మూతి వంకరపోవడం కనిపిస్తే అది కోపం వల్లేనని సరిపెట్టుకోకండి. శ్వాస లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

గుండెదడ తగ్గుతుందని స్నేహితుడు వాడే మాత్రను మీటింగుకు ముందు వేసుకునేవారున్నారు. ప్రొప్రనొలాల్ వంటి మందులు ఉబ్బసం ఉన్నవారికి ఊపిరాడకుండా చేస్తాయి. డాక్టరు చెప్పనిదే తాకవద్దు. కొద్ది వారాలుగా చిన్న మాటకే ఒళ్లు తెలియని కోపం వస్తున్నా, నిద్ర పట్టకపోయినా, కోపం వచ్చినప్పుడు చెయ్యి లేస్తున్నా, ఇంటి చిట్కాలతో కాలం గడపవద్దు. థైరాయిడ్ ఎక్కువగా పనిచెయ్యడం, మద్యం, మనోవ్యాకులత వంటి కారణాలుండవచ్చు. మానసిక వైద్యుని సలహా తీసుకోండి. ముందు ఫోనులో మాట్లాడదలిస్తే కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416 ఉంది. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.