చుక్క ఉండాల్సిన చోట గీత

ఈ రెండు అడ్రసులను ఒకసారి నెమ్మదిగా చదవండి.

tirupatibalaji.ap.gov.in
tirupatibalaji-ap-gov.org

మొదటిది ఒకప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం అధికారిక వెబ్‌సైట్. రెండోది దాని వేషం కట్టిన నకిలీ. 2023 ఏప్రిల్‌లో టీటీడీ ఐటీ విభాగం దీన్ని పట్టుకుని ఫిర్యాదు చేస్తే తిరుమల వన్ టౌన్ పోలీసులు కేసు పెట్టారు. అప్పటికే ఇలాంటి 40 సైట్ల మీద ఫిర్యాదులు వెళ్లాయి. తొందరలో ఉన్న కంటికి ఈ రెండింటికీ తేడా కనపడదు. చుక్క ఉండాల్సిన రెండు చోట్ల గీతలున్నాయి, చివర తోక మారింది. అంతే.

ఆ తోకలోనే అసలు సంగతి ఉంది. ఉత్తరం మీద ఊరు, జిల్లా చివర్లో రాసినట్టే వెబ్ అడ్రసులోనూ అసలు చోటు చివర్లోనే ఉంటుంది. అందుకే దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. .gov.in అనే తోక ప్రభుత్వ సంస్థలకు తప్ప ఎవరికీ ఇవ్వరు. .org, .com, .in అలా కాదు, డబ్బు కట్టిన ఎవరైనా కొనుక్కోవచ్చు. పైన రెండో అడ్రసులో ap, gov అనే అక్షరాలున్నా గీతలతో కలిపేసరికి అదంతా ఒకే పేరైపోయింది. బోర్డు మీద ‘కలెక్టరాఫీసు’ అని రాసుకున్న కిరాణా కొట్టులాంటిది. అడ్రసు పక్కన కనిపించే తాళం గుర్తు కూడా భరోసా కాదు. మనం టైపు చేసింది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతల కూర్చున్నవాడు మంచివాడని కాదు.

2024 జనవరి నుంచి టీటీడీ అడ్రసు ttdevasthanams.ap.gov.in. పాత పేరుకు అలవాటుపడ్డవాళ్లు అడ్రసు టైపు చేయకుండా గూగుల్‌లో ‘తిరుమల దర్శనం టికెట్లు’ అని వెతుకుతారు. మోసం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

ఎలా జరుగుతుందో ఒక ఊహా కుటుంబంతో చూద్దాం. వరంగల్ నుంచి ఐదుగురు. వచ్చే శుక్రవారం కొండకు వెళ్లాలని ఇవాళ అనుకున్నారు. అసలు సైట్‌లో చూస్తే ఆ తేదీకి కోటా అయిపోయింది. మళ్లీ వెతికితే అన్నింటికన్నా పైన ‘స్పాన్సర్డ్’ అన్న చిన్న ముక్కతో ఒక సైట్ వచ్చింది. అంటే డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. అందులో పేర్లు, ఫోన్ నంబరు నింపిన పది నిమిషాలకు వాట్సాప్‌లో ఫోన్ వచ్చింది. ప్రొఫైల్ ఫొటోలో ఆనంద నిలయం గోపురం. ‘‘శుక్రవారానికి వీఐపీ కోటాలో ఉన్నాయమ్మా. మనిషికి 1,500. సగం అడ్వాన్స్ పంపితే బ్లాక్ చేసేస్తా.’’

మొత్తం 7,500 కాబట్టి 3,750 పంపారు. గంటలో దేవస్థానం గుర్తుతో, క్యూఆర్ కోడ్‌తో పీడీఎఫ్ వచ్చింది. దాన్ని చూశాక నమ్మకం కుదిరి మిగతా 3,750 కూడా పంపారు. ఆ తర్వాత ‘ఆధార్ వెరిఫికేషన్ డిపాజిట్, దర్శనం అయ్యాక తిరిగి వస్తుంది’ అంటూ ఇంకో 2,000 అడిగాడు. అదీ పోయింది. శుక్రవారం క్యూ దగ్గర స్కాన్ చేస్తే ఆ కోడ్ ఎవరిదో పాత టికెట్‌ది. దాని మీద పేర్లు మార్చి అతికించారు. అప్పటికి ఫోన్ స్విచ్ఛాఫ్.

ఈ కుటుంబం అడ్రసు చూసుకోలేదన్నది నిజమే. దానికంటే ముందే ఒక ఆనవాలు కళ్లెదుట ఉంది. అడిగిన తేదీకి, అడిగినన్ని టికెట్లు దొరకడమే ఆ ఆనవాలు.

ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ ధర 300 రూపాయలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్టే అక్కర్లేదు. ఈ టికెట్లను సాధారణంగా మూడు నెలల ముందే, ప్రకటించిన రోజున, ప్రకటించిన గంటకు ఆన్‌లైన్‌లో విడుదల చేస్తారు. గిరాకీ ఉన్న తేదీలు చూస్తుండగానే అయిపోతాయి. ‘‘ఎవరో రద్దు చేసుకున్నారు, అది మీకిస్తా’’ అన్న మాట కూడా చెల్లదు. ఈ టికెట్లను రద్దు చేసుకునే వీల్లేదు, ఒకరి పేరున తీసినది ఇంకొకరికి మార్చరు. ఇక ‘టూరిజం కోటా’ అంటారు. పర్యాటక సంస్థలకు దర్శనం టికెట్లు ఇచ్చిన రోజులు నిజంగానే ఉన్నాయి కాబట్టి ఆ మాటకు జనం పడతారు. అక్రమాల ఆరోపణలు రావడంతో 2024 నవంబరులో పాలకమండలి ఆ కోటాను రద్దు చేసింది.

అసలు సైట్ ‘లేవు’ అంటుంది. నకిలీ సైట్ ఎప్పుడూ ‘ఉన్నాయి’ అంటుంది. ఎన్నాళ్లు మోసాలు చూసినా మారని తేడా ఇదే.

డబ్బు పంపేముందు ఇంకొక్క క్షణం ఆగే చోటుంది. యూపీఐలో పిన్ నొక్కకముందు, డబ్బు ఎవరికి వెళ్తుందో ఆ ఖాతాదారు పేరు తెర మీద వస్తుంది. దేవస్థానం టికెట్‌కు ఎవరో వ్యక్తి పేరు వస్తే అక్కడే వెనక్కి రావాలి. అధికారిక సైట్‌లో సగం అడ్వాన్స్ అన్నదే లేదు. మొత్తం ఒకేసారి అక్కడే కట్టాలి, ఆ తర్వాత ఎవరూ ఫోన్ చేసి ఇంకేమీ అడగరు.

.gov.in సూత్రం అన్ని క్షేత్రాలకూ సరిపోదు, ఇది గుర్తుంచుకోవాలి. సోమనాథ్ ట్రస్టు అసలు సైటే somnath.org. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు heliyatra.irctc.co.in లో దొరుకుతాయి. చార్‌ధామ్ హెలికాప్టర్లు, గెస్ట్‌హౌస్‌ల పేరుతో నకిలీ సైట్లు పుట్టుకొస్తున్నాయని 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖలోని సైబర్ నేరాల సమన్వయ కేంద్రం హెచ్చరించింది కూడా. తోక చూసి తేల్చుకోలేని చోట, అడ్రసును గూగుల్ ప్రకటన నుంచి కాక ఆలయం వారి ప్రకటన నుంచే తీసుకోవాలి. తిరుమల విషయంలో సందేహం వస్తే టీటీడీ కాల్ సెంటర్ 155257కు ఫోన్ చేసి అడగొచ్చు.

డబ్బు వెళ్లిపోయిందా? ముందు మోసగాడితో వాదన ఆపి 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ముందు ఎవరిదో అద్దె ఖాతాలో పడి, అక్కడి నుంచి ఇంకో ఖాతాకు, చివరికి ఏటీఎంకు వెళ్తుంది. అది ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగా ఫిర్యాదు అందితే బ్యాంకు దాన్ని నిలిపేయగలదు. డ్రా చేసేశాక ఆపడానికి ఏమీ ఉండదు. అందుకే గంటల లెక్క కాదు, నిమిషాల లెక్క. లావాదేవీ నంబరు, పంపిన సమయం, అడ్రసుతో సహా సైట్ ఫొటో దగ్గర పెట్టుకుని cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు నమోదు చేయాలి. ‘రీఫండ్ ఇస్తాం, పిన్ నొక్కండి’ అని ఎవరైనా అంటే అది రెండో దోపిడీ. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

ఆ వరంగల్ కుటుంబం 9,500 పోగొట్టుకున్నది ఒక భయం వల్ల. టికెట్ లేకపోతే దర్శనం లేదనుకున్నారు. తిరుపతిలో విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్సుల్లో ఆధార్ చూపిస్తే టైమ్ స్లాట్ సర్వదర్శనం టోకెన్లు ఇస్తారు. అవి అయిపోయినా టోకెన్ లేకుండా వెళ్లే సర్వదర్శనం లైను ఉండనే ఉంది. రద్దీ రోజుల్లో కంపార్ట్‌మెంట్లలో చాలా గంటలే కూర్చోవాలి. కానీ ఆ లైను చివర ఉన్నదీ అదే గర్భాలయం. అందులో నిలబడటానికి అడ్వాన్స్ ఎవరూ అడగరు.