డాష్‌బోర్డు లెక్క 30 దగ్గరే ఎందుకు ఆగింది?

గిట్‌హబ్ ప్రాజెక్టులో పుల్ రిక్వెస్టులతో కలిపి 250 ఓపెన్ ఇష్యూలున్నా, డాష్‌బోర్డు 30 మాత్రమే చూపిస్తోందా? ఎర్రర్ రాదు, స్టేటస్ కూడా 200 అనే ఉంటుంది. అందుకే ఈ లోపం పట్టుబడదు. లెక్క సరిగ్గా 30 లేదా 100 దగ్గర ఆగితే అనుమానించండి.

గిట్‌హబ్ ఏపీఐ మామూలుగా ఒకసారికి 30 రికార్డులే ఇస్తుంది. `per_page=100` అని అడిగితే వంద ఇస్తుంది, అంతకు మించి ఇవ్వదు. తర్వాతి పేజీ చిరునామా జవాబుతోపాటు వచ్చే `Link` హెడర్‌లో ఉంటుంది. అందులో `rel="next"` కనిపించినంతవరకూ ఆ చిరునామానే అడుగుతూ పోవాలి: 100, 100, 50. మూడో జవాబులో అది ఉండదు, అక్కడ ఆగాలి.

పేజీ నంబర్లతో నడిచే ఏపీఐల్లో ఇంకో చిక్కుంది. మొదటి పేజీ చదివాక అందులోని ఇష్యూ ఒకటి క్లోజయితే, 101వది 100వ స్థానానికి జరిగి మనకు దొరక్కుండా పోతుంది. అందుకే క్లోజైనవాటితో సహా అన్నీ పాతవాటి నుంచి వరసగా తెచ్చుకుని, ఓపెన్‌వి తర్వాత వడగట్టడం మేలు.