334 అంకె కాదు, మిర్చి రకం

గుంటూరు మిర్చి గురించి తెలిసినవాళ్లకు 334 అంటే ఒక రకం పేరు. తేజ, బాడిగ లాంటిదే అదీ. కంప్యూటరు మాత్రం దాన్ని మూడు వందల ముప్ఫై నాలుగుగానే చూస్తుంది, కూడమంటే పక్క గడిలోని బస్తాలతో కలిపి కూడేస్తుంది. ఫొటోలోని పట్టికను జేసన్‌గా మార్చడంలో అసలు పని ఇక్కడే ఉంది. అక్షరాలు గుర్తించడం సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. ఏ గడిలో ఉన్నది పేరో, ఏది లెక్కో, ఏది ఖాళీయో తేల్చవలసింది మనం.

జేసన్ అంటే సమాచారాన్ని ఒక ప్రోగ్రాం నుంచి మరో ప్రోగ్రాంకు అందించే రాత పద్ధతి. పట్టికలోని ఒక్కో వరుస ఒక్కో రికార్డు అవుతుంది. అందులో ప్రతి విలువ పక్కనా దాని పేరు ఉంటుంది. ఆ పేరునే కీ అంటారు. యార్డు నోటీసు బోర్డును ఫోనుతో ఫొటో తీశారనుకుందాం. అంకెలు ఉదాహరణ కోసం వేసినవి.

```
తేదీ 05-03-2024      ధర: క్వింటాలుకు రూ.
రకం  | నిల్వ    | బస్తాలు | కనిష్ఠం | గరిష్ఠం
తేజ  | నాన్ ఏసీ | 12,450 | 9,000  | 14,500
     | ఏసీ     | 3,200  | 10,000 | 15,200
334  | నాన్ ఏసీ | 8,100  | 8,500  | 13,000
     | ఏసీ     | -      | -      | -
తాలు |         | 1,250  | 5,000  | 8,000
మొత్తం          25,000
```

ముందు ఖాళీ గడుల సంగతి. రెండో వరుసలో రకం రాయలేదు. అసలు బోర్డు మీద పై గడితో కలిపి ఒకే పెద్ద గడి గీశారు కాబట్టి అదీ తేజే. ఆ పేరును కిందికి దించి రాయాలి. ‘ఖాళీ ఉంటే పైది దించు’ అని ప్రోగ్రాంకు గుడ్డిగా చెబితే మాత్రం తాలు కాయ కూడా ఏసీ సరుకైపోతుంది. అక్కడ గడి విడిగానే ఉంది, నిల్వ వివరం ఇవ్వలేదంతే. కాబట్టి అక్కడ `null` రావాలి. ఇంకో తంటా ఏమిటంటే, అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్ వరుసను ఒట్టి మాటలుగా ఇస్తే ఆ ఖాళీ మాయమై 1,250 వచ్చి నిల్వ గడిలో కూర్చుంటుంది. ఫొటోలో ప్రతి మాట ఎడమ అంచు నుంచి ఎంత దూరంలో ఉందో కూడా తీసుకుని గడులు విడదీస్తే ఈ తప్పు రాదు.

334 ఏసీ ఎదురుగా ఉన్న గీతలను చాలామంది సున్నా చేసేస్తారు. బస్తాల గడిలో అది చెల్లుతుంది, ఆ రోజు సరుకు రాలేదని అర్థం. ధర గడిలో చెల్లదు. ఏసీ సరుకు గరిష్ఠ ధరల సగటు తీస్తే 15,200తో సున్నా కలిసి 7,600 వస్తుంది. ఆ ధరకు యార్డులో ఏసీ సరుకు ఎవరూ అమ్మలేదు! అందుకే ధరకు `null` అని రాయాలి.

ఇక అంకెలు. జేసన్ సంఖ్యలో కామా ఉండకూడదు. కామాతోనే ఉంచి కొటేషన్లలో పెడితే అది అక్షరాల వరుస అవుతుంది, లెక్కలకు పనికిరాదు. జావాస్క్రిప్ట్‌లో `parseInt("3,200")` అంటే కామా దగ్గర ఆగిపోయి 3 అని ఇస్తుంది, తప్పు జరిగిందని కూడా చెప్పదు. ముందే కామాలు తీసేయాలి. తేదీకి జేసన్‌లో ప్రత్యేక రకం లేదు. 05-03 మనకు మార్చి 5, అమెరికా పద్ధతిలో మే 3. అందుకని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే గొడవ ఉండదు. 334ను మాత్రం `"334"` అని కొటేషన్లలోనే ఉంచాలి.

```json
{
  "date": "2024-03-05",
  "variety": "తేజ",
  "storage": "ఏసీ",
  "bags": 3200,
  "min_price_rs_per_quintal": 10000,
  "max_price_rs_per_quintal": 15200
}
```

కీలను తెలుగులో పెట్టినా జేసన్ కాదనదు. ప్రోగ్రాం రాసేవాళ్ల సౌకర్యం కోసమే ఇంగ్లిషు చిన్న అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్. ధర కీ పొడుగ్గా ఉందనిపించవచ్చు. కానీ పట్టిక నెత్తిన రాసిన ‘క్వింటాలుకు రూ.’ అన్న మాట రికార్డులోకి రాదు. వట్టి `price` అని పెడితే అది కిలోకో బస్తాకో తర్వాత చూసేవారికి తెలియదు.

మొత్తం వరుసను రికార్డుగా చేర్చకూడదు, చేరిస్తే బస్తాలు రెట్టింపవుతాయి. దాన్ని పక్కన ఉంచుకుంటే తనిఖీకి పనికొస్తుంది. మసక ఫొటోలో 3,200ను 8,200గా చదివితే కూడిక 30,000 అవుతుంది, బోర్డు మీది 25,000తో సరిపోదు. గరిష్ఠ ధర 14,500లో ఒక సున్నా జారి 1,450 అయితే కనిష్ఠం కన్నా తక్కువని తేలిపోతుంది. కానీ 13,000ను 18,000గా చదివితే ఈ రెండు పరీక్షలూ దాన్ని పట్టుకోలేవు. ధరల గడులను ఫొటో పక్కన పెట్టుకుని కంటితో సరిచూడాల్సిందే. అందుకు వీలుగా ప్రతి రికార్డులో `source_image` అనే కీ కింద ఆ ఫొటో ఫైలు పేరు కూడా ఉంచుతారు.